జిమ్‌లో తొలి నెలలు, 4వ పాఠం: ప్రొటీన్ డబ్బా కొనేముందు వేయాల్సిన లెక్క

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను: రెండు రోజుల పాటు తిన్నదంతా కాగితం మీద రాయమన్నాను. ఈ పాఠానికి ఆ కాగితమే ఆధారం. ఇంకా రాయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. ఎంత తక్కువ పడుతోందో తెలియకుండా పౌడర్ కావాలా, అక్కర్లేదా అని తేల్చలేం.

మన ఒడిశాలోని రాయగడలో ఉండే ఒక శాకాహారి కుర్రాడిని ఉదాహరణగా తీసుకుందాం. బరువు 60 కిలోలు. పగలంతా మందుల షాపులో పని, సాయంత్రం జిమ్. గుడ్డు కూడా తినడు. తిండికి అదనంగా నెలకు 1500 రూపాయలు మాత్రమే పెట్టగలడు. జిమ్‌లో తోటివాళ్లు అతనికి చెప్పిన మొదటి మాట, "డబ్బా కొను."

వ్యాయామం చేయని పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని మన జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్లకు 1.4 నుంచి 2 గ్రాముల దాకా కావాలి. కొత్తవాళ్లకు 1.5 పెట్టుకుంటే సరిపోతుంది. అంటే ఈ కుర్రాడికి రోజుకు 90 గ్రాములు.

ఇప్పుడు అతని కాగితం చూద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, 8 గ్రాములు. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం వండిన అన్నంలో 11, పప్పులో 7. రాత్రి నాలుగు చపాతీల్లో 13, బంగాళాదుంప కూరలో 2. టీలోకి వాడే పాలు, పెరుగు కలిపి 10. మొత్తం 51. ఇంకా 39 గ్రాములు కావాలి.

ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. కందిపప్పులో వందకు 22 గ్రాముల ప్రొటీన్ అని ఎక్కడో చదివి, గిన్నెడు పప్పు తిని 22 వచ్చిందని రాసుకుంటారు. ఆ 22 ఎండు పప్పుకు. గిన్నెడు పప్పులో ఉండే ఎండు పప్పు 30 గ్రాములే, మిగతాదంతా నీళ్లు. మీల్‌మేకర్ కూడా అంతే. ఎండుది వంద గ్రాముల్లో 52 ఉంటుంది కానీ, ఉడికితే నీళ్లు పీల్చి మూడింతలు బరువెక్కుతుంది. కాబట్టి ఏదైనా వండకముందే తూచాలి. కూరగాయల కొట్టులో ఉండే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ లాంటిది ఇంట్లో ఉంటే మంచిది. లేకపోతే ఒక్కసారి కిరాణా కొట్టులో 40 గ్రాములు తూయించుకుని, అది మీ ఇంటి గిన్నెలో ఎక్కడిదాకా వస్తుందో గుర్తు పెట్టుకోండి.

ఇక డబ్బు సంగతి. కిలో ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. పది గ్రాముల ప్రొటీన్ ఎంతకు వస్తోందో చూడాలి. కిందివి ఉదాహరణకు వేసుకున్న ధరలు. మీ ఊరి ధర పెట్టి మళ్లీ లెక్క కట్టుకోండి.

మీల్‌మేకర్ కిలో 140 అనుకుందాం. అందులో 520 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది కాబట్టి పది గ్రాములకు 3 రూపాయలు కూడా పడదు. వేయించిన శనగలు కిలో 140 అయితే, వందకు 20 చొప్పున, పది గ్రాములకు 7 రూపాయలు. ఒడిశాలో మనకున్న వసతి ఛెనా. మిఠాయి కొట్టువాళ్లు రోజూ తాజాగా పాలు విరిచి అమ్ముతారు. నీళ్లు పోయేలా గుడ్డలో గట్టిగా పిండితే వందకు 18 గ్రాముల దాకా ఉంటుంది. కిలో 320 అయితే పది గ్రాములకు 18 రూపాయలు. పిండకుండా తడితడిగా తూచి ఇస్తే మీరు కొన్నదాంట్లో నీళ్లే ఎక్కువ, అది చూసుకోండి. పాల నుంచి తీసే వే ప్రొటీన్ పౌడర్ కిలో డబ్బా 2400 అనుకుంటే, 33 గ్రాముల స్కూపులు 30 వస్తాయి. స్కూపుకు 24 గ్రాములు చొప్పున పది గ్రాములకు 33 రూపాయలు.

వేరుశనగ కూడా చవకే కదా అంటారు. నిజమే, కానీ అందులో సగం వరకు నూనే. పది గ్రాముల ప్రొటీన్ కోసం 40 గ్రాములు తింటే 225 కేలరీలు వెంట వస్తాయి. అదే పది గ్రాములు మీల్‌మేకర్‌తో 70 కేలరీల్లో వస్తాయి. సన్నగా ఉండి బరువు పెరగాలనుకునేవాళ్లకు వేరుశనగ మంచిదే, పొట్ట ఉన్నవాళ్లు గుప్పెడుతో ఆపాలి. రాగి అంబలి గురించి కూడా అడుగుతారు. కాల్షియం కోసం తప్పకుండా తాగండి, కానీ రాగుల్లో ప్రొటీన్ వందకు 7 మాత్రమే, బియ్యంతో సమానం.

మన కుర్రాడి 39 గ్రాములు ఇలా పూడ్చవచ్చు. మధ్యాహ్నం కూరలో 40 గ్రాముల మీల్‌మేకర్, 20 గ్రాములు. సాయంత్రం జిమ్‌కు వెళ్లే గంట ముందు 50 గ్రాముల వేయించిన శనగలు, 10. రాత్రి చపాతీలోకి 50 గ్రాముల ఛెనా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటినది, 9. రోజుకు 29 రూపాయల లోపు, నెలకు సుమారు 860. శనగల ప్రొటీన్ పాల ప్రొటీన్ అంత పూర్తిగా ఒంటికి పట్టదు కాబట్టి, ఆ తేడా కోసం రాత్రి పావు లీటరు పాలు కలుపుదాం. లీటరు 56 అయితే నెలకు 420. మొత్తం 1280, బడ్జెట్ లోపలే. ఇదే 39 గ్రాములు డబ్బాతో పూడ్చాలంటే నెలకు 3900 అవుతుంది.

మీల్‌మేకర్ మొదలుపెట్టిన వారంలో కడుపు ఉబ్బరం వచ్చి చాలామంది మానేస్తారు. మొదటి వారం 20 గ్రాములతోనే ఆగండి. ఉప్పు వేసిన నీళ్లలో ఐదారు నిమిషాలు ఉడికించి, గట్టిగా పిండి, చన్నీళ్లలో కడిగి మళ్లీ పిండితే దాని పచ్చి వాసన పోతుంది. తర్వాతే కూరలో వేయాలి. వారానికి పది గ్రాములు చొప్పున పెంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్కలేవీ పాటించకుండా ముందు డాక్టరును అడగాలి.

మరి పౌడర్ ఎవరికి? వే ప్రొటీన్ మంచి సరుకే, మోసం కాదు. త్వరగా అరుగుతుంది, కండ కట్టడానికి ముఖ్యమైన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అందులో ఎక్కువ. హాస్టల్ మెస్‌లో తినేవాళ్లు, వంట వసతి లేనివాళ్లు, లారీ మీదో మెడికల్ లైన్ మీదో తిరిగేవాళ్లు రోజుకు ఒక స్కూపు వాడుకుంటే అర్థముంది. అయితే మొదట మీ తిండిలోనే 60 గ్రాముల పైన రావాలి, స్కూపు దానికి తోడు.

కొనేటప్పుడు డబ్బా వెనక స్కూపు బరువు, అందులోని ప్రొటీన్ చూసి భాగించండి. 33 గ్రాముల్లో 24 అంటే వందకు 73, బాగానే ఉంది. మాస్ గెయినర్ అనే పెద్ద డబ్బాల్లో వంద గ్రాములకు 20 మాత్రమే ఉండడం మామూలే. మిగతాది ఎక్కువగా మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండి పదార్థం. చవకగా కనిపించేది అందుకే. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ విడిగా కనిపిస్తే వదిలేయండి. ప్రొటీన్‌ను సాధారణంగా నైట్రోజన్ లెక్కతో కొలుస్తారు కాబట్టి, ఈ చవక అమైనో ఆమ్లాలు కలిపి అంకె పెంచే వీలుంది. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు లేని డబ్బా అసలు ముట్టుకోవద్దు.

ఈ వారం పని: మీ కాగితంలోని లోటు రాసి, మీ ఊరి ధరలతో మూడు పదార్థాలకు పది గ్రాముల లెక్క కట్టండి. ఆదివారం పొద్దున ఖాళీ కడుపుతో బరువు చూసి పక్కన రాయండి. నాలుగు వారాలైనా ఆ బరువు కదలకపోతే, ఎత్తే బరువులూ పెరగకపోతే, లోటు ప్రొటీన్‌లో కాకుండా మొత్తం కేలరీల్లో ఉండవచ్చు. దాన్ని ఎలా పట్టుకోవాలో 5వ పాఠంలో చూద్దాం.