ఏఐ ఫొటోల్లో మంచిది ఏరడానికి మార్కుల పట్టిక

ఆవకాయ సీసా ఫొటోలు ఏఐతో చేయిస్తుంటే, ఒక విడతలో వచ్చిన ఎనిమిదింటికీ సీసా ఆకారం, మూత, పచ్చడి రంగు, నీడ, లేబుల్ అని ఐదు గడులు గీసి 0, 1, 2 మార్కులు వేయండి. ఆకారానికి సున్నా వచ్చిన ఫొటోని మొత్తం ఎంతున్నా తీసేయాలి. కొన్నవాళ్లకి అందేది ఆ సీసా కాదు కదా!

అడ్డంగా కూడితే మంచి ఫొటో తెలుస్తుంది, నిలువుగా కూడితే తర్వాత ఏం మార్చాలో తెలుస్తుంది. మొన్న నాకు నాలుగో ఫొటో 8తో ముందుంది, కానీ నీడ నిలువు వరుసకి 16కి 5 మార్కులే. అందుకని ఏఐ బొమ్మని ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చెప్పే సీడ్ నంబర్ అలాగే ఉంచి, ప్రాంప్ట్‌లో “ఎడమ కిటికీ నుంచి వెలుగు” అని మాత్రమే చేర్చాను. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

లేబుల్ మీద తెలుగు అక్షరాలు వంకరపోతుంటే ప్రాంప్ట్‌తో కుస్తీ పట్టకండి. ఖాళీ లేబుల్ చేయించి, అసలుది ఎడిటింగ్‌లో పెట్టుకోండి.