మాడ్యులో p లో బహుపది విడిపోతూనే ఉందా? ఐసెన్‌స్టీన్ పట్టడం లేదా?

సమస్య: x⁴ + 1 ని 2, 3, 5, 7 ఏ ప్రధాన సంఖ్యతో చూసినా కారణాంకాలుగా విడిపోతోంది. అంటే పూర్ణసంఖ్యల్లోనూ విడిపోతుందా?

కారణం: ఈ పరీక్ష ఒకవైపే పనిచేస్తుంది. మొదటి గుణకాన్ని భాగించని p తో చూసినప్పుడు, మాడ్యులో p లో విడిపోకపోతే అకరణీయ సంఖ్యల్లోనూ విడిపోదు. విడిపోతే మాత్రం ఏమీ తేలదు. x⁴ + 1 విషయంలో ప్రధాన సంఖ్యలు మారుస్తూ పోవడం దండగ. బేసి p ఏదైనా −1, 2, −2 లలో ఒకటి తప్పక మాడ్యులో p లో వర్గమవుతుంది. ఉదాహరణకు 2 ≡ b² అయితే x⁴ + 1 ≡ (x² + bx + 1)(x² − bx + 1). p = 7 కి b = 3. ఇక మాడ్యులో 2 లో అది (x + 1)⁴.

పరిష్కారం: ఆ చివరి మాటలోనే దారి ఉంది. మాడ్యులో p లో బహుపది మొత్తం ఒకే (x − a) ఘాతంగా మారితే, x బదులు x + a పెట్టి ఐసెన్‌స్టీన్ ప్రయత్నించండి. ఇక్కడ a = 1:

(x + 1)⁴ + 1 = x⁴ + 4x³ + 6x² + 4x + 2

మొదటిది తప్ప గుణకాలన్నీ 2 తో భాగించబడతాయి, స్థిరపదం 2 మాత్రం 4 తో భాగించబడదు. కాబట్టి x⁴ + 1 ఇర్రెడ్యూసిబుల్.

సమస్య: x⁴ + 3x² + 3x + 4 మాడ్యులో 2 లోనూ, 3 లోనూ విడిపోయింది.

పరిష్కారం: ఎలా విడిపోయిందో చూడండి. మాడ్యులో 2 లో x(x³ + x + 1). ఈ ఘన బహుపదికి అక్కడ మూలాల్లేవు కాబట్టి అది ఇక విడిపోదు. అందువల్ల పూర్ణసంఖ్యల్లో విడిపోతే పరిమాణాలు 1, 3 కావాల్సిందే. మాడ్యులో 3 లో అది x⁴ + 1, అంటే (x² + x + 2)(x² + 2x + 2). వీటిలో దేనికీ మూలం లేదు, కాబట్టి పరిమాణం 1 ఉన్న కారణాంకానికి అక్కడ చోటే లేదు. రెండూ పొసగవు గనుక ఇదీ ఇర్రెడ్యూసిబులే. ఒక్క ప్రధాన సంఖ్య చెప్పలేనిది రెండు కలిసి చెప్పాయి.

సమస్య: 2x³ + 3x² + 3x + 1 మాడ్యులో 2 లో విడిపోలేదు, కానీ అసలుది (2x + 1)(x² + x + 1).

కారణం: మొదటి గుణకం 2 మాయమై పరిమాణం 3 నుంచి 2 కి పడిపోయింది. 2x + 1 అక్కడ వట్టి 1 అయిపోయింది. మొదటి గుణకాన్ని భాగించే p ని ముందే పక్కన పెట్టండి.

ఐసెన్‌స్టీన్‌లో ఎక్కువమంది జారిపడేది p² దగ్గర. x⁴ + 4 కి p = 2 తో మిగతావన్నీ సరిపోతాయి, స్థిరపదం 4 తో భాగించబడటం ఒక్కటే అడ్డు. ఆ అడ్డును పట్టించుకోకపోతే (x² + 2x + 2)(x² − 2x + 2) ని ఇర్రెడ్యూసిబుల్ అని రాసేస్తారు.