కృతి వినడం నేర్చుకుందాం – 3: పల్లవి, అనుపల్లవి, చరణం ఎక్కడ అతుక్కుంటాయి

కిందటి పాఠంలో ఆది తాళం చేత్తో వేయడం చూశాం. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ–విసురు, మళ్లీ దెబ్బ–విసురు: మొత్తం ఎనిమిది. ఈ పాఠానికి అది చేతిలో ఉంటే చాలు. రాగాల పేర్లు రాకపోయినా ఇబ్బంది లేదు.

ఈసారి ఒక్క కృతినే తీసుకుందాం: త్యాగరాజు (1767–1847) హంసనాద రాగంలో కట్టిన ‘బంటు రీతి కొలువు’. చిన్నది, తెలుగులోనే ఉంది, అర్థం చెప్పుకోవడానికి తేలిక. పైగా మూడు భాగాలు ఎందుకు ఉన్నాయో ఇంత స్పష్టంగా చూపించే కృతి దొరకడం కష్టం. ఎవరు పాడిన రికార్డింగైనా ఒకటి దగ్గర పెట్టుకోండి. ముందు సాహిత్యం చదువుదాం.

పల్లవి:
బంటు రీతి కొలువు ఇయ్యవయ్య రామ

అనుపల్లవి:
తుంట వింటి వాని మొదలైన మదాదుల
గొట్టి నేల గూల జేయు నిజ (బంటు)

చరణం:
రోమాంచమను ఘన కంచుకము
రామభక్తుడను ముద్రబిళ్ళయు
రామనామమను వర ఖడ్గమివి
రాజిల్లునయ్య త్యాగరాజునికే (బంటు)

పాటల పుస్తకాల్లో ప్రతి భాగం చివర ఇలా కుండలీకరణాల్లో పల్లవి మొదటి మాట కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని పట్టించుకోకుండా దాటేస్తారు. నిజానికి ఈ పాఠమంతా ఆ చిన్న గుర్తు గురించే. ‘ఇక్కడి నుంచి పల్లవికి వెళ్లు’ అని దాని అర్థం. అలా వెళ్లేటప్పుడు ఏం జరుగుతుందో పట్టుకోగలిగితే కృతి కట్టుబడి చాలావరకు అర్థమైనట్టే.

మొదట పల్లవి. ఇక్కడ ఒకే ఒక కోరిక ఉంది: రామా, నీ దగ్గర బంటు ఉద్యోగం ఇవ్వు. అంతే. ఒక్క వాక్యం, పూర్తి వాక్యం. దాని తర్వాత ఏమీ పాడకపోయినా అర్థానికి లోటు లేదు. పల్లవి అలాగే ఉండాలి, ఎందుకంటే పాట పొడుగునా పదే పదే తిరిగి వచ్చేది అదే.

రికార్డింగ్ పెట్టగానే మీకు ఎదురయ్యే మొదటి చిక్కు ఏమిటంటే, ఈ ఒక్క పంక్తినే గాయకులు చాలాసార్లు పాడతారు, ప్రతిసారీ కొంచెం మార్చి. ఒకసారి చివర్లో చిన్న మలుపు, ఇంకోసారి మధ్యలో పైకి ఎక్కి దిగడం. వీటిని సంగతులంటారు. ఒకదాని మీద ఒకటి పెరుగుతూ పోతాయి గనక నాలుగో, ఐదో సంగతి వచ్చేసరికి పాట బాగా పైస్థాయికి చేరుతుంది. అప్పుడు ‘ఓహో, అనుపల్లవి మొదలైంది’ అనుకుంటాం. కాదు. గుర్తు సులువే: మాటలు విను. ఇంకా ‘బంటు రీతి’ అనే అంటుంటే, స్వరం ఎంత ఎత్తున తిరుగుతున్నా మీరు పల్లవిలోనే ఉన్నారు. మాటలు మారితేనే భాగం మారినట్టు.

ఇప్పుడు చేత్తో తాళం వేస్తూ పల్లవి ఎక్కడ ఎత్తుకుంటున్నారో చూడండి. దెబ్బ మీద కాదు. ఈ కృతిది దేశాది ఎత్తుగడ: దెబ్బ పడి, చిటికెన వేలు లెక్క కూడా సగం గడిచాక, అంటే ఒకటిన్నర లెక్క తర్వాత, ‘బం’ వస్తుంది. చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య అన్నమాట. మొదటిసారి ఇది చేతికి చిక్కదు. చెయ్యి తడబడితే పాట ఆపి, నోటితో ఏమీ అనకుండా రెండు ఆవర్తనాలు ఉత్త తాళం వేసి, మూడో ఆవర్తనంలో ‘బంటు’ అని మామూలు మాటలాగా ఆ చోటులో పెట్టి చూడండి. ఈ చోటు గుర్తుంచుకోవడం ముఖ్యం. పాటలో పల్లవి ఎన్నిసార్లు తిరిగొచ్చినా సరిగ్గా ఇక్కడికే వచ్చి వాలాలి.

ఇక అనుపల్లవి. తుంట విల్లు అంటే చెరకు విల్లు, ఆ విల్లు పట్టేది మన్మథుడు. అతను మొదలుకొని మదం వగైరా అందరినీ కొట్టి నేల కూల్చే నిజ... అని ఆగిపోయింది. నిజమైన ఏమిటి? జవాబు పల్లవిలో ఉంది: ‘నిజ బంటు రీతి కొలువు ఇయ్యవయ్య రామ’. అనుపల్లవి తనంతట తాను వాక్యం కాదు. పల్లవి తలుపు దగ్గరకొచ్చి నిలబడిన సగం వాక్యం. పల్లవిలో అడిగింది వట్టి బంటు ఉద్యోగం. అనుపల్లవి విన్నాక అదే పంక్తి మళ్లీ వస్తే, అది లోపలి శత్రువులతో యుద్ధం చేసే అసలు సిసలు బంటు ఉద్యోగం అవుతుంది. మాట మారలేదు, బరువు పెరిగింది.

అతుకు ఇక్కడ ఉంది కాబట్టి తేడా వచ్చేదీ ఇక్కడే. కొందరు ‘నిజ’ దగ్గర ఊపిరి తీసుకుంటారు, ఆ తర్వాత ‘బంటు’ను కొత్తగా ఎత్తుకుంటారు. తాళం తప్పదు, రాగం తప్పదు, కానీ వాక్యం రెండు ముక్కలవుతుంది. ‘కూలజేయు’ దగ్గరే ఊపిరి తీసుకుని ‘నిజ బంటు రీతి’ని ఒక్క వరసలో పాడేవాళ్ల రికార్డింగ్ పక్కన పెట్టి వింటే తేడా వెంటనే తెలుస్తుంది. నా మటుకు నాకు, పాడేవాళ్లకి తెలుగు తెలుసా లేదా అన్నది ఇలాంటి చోటే బయటపడుతుంది. ఉచ్చారణ ఎలాగోలా నేర్చుకోవచ్చు, ఊపిరి ఎక్కడ తీయాలో అర్థం తెలిస్తేనే కుదురుతుంది.

అనుపల్లవిలో చెవికి తెలిసే మార్పు ఇంకొకటి ఉంది. సాధారణంగా పాట ఇక్కడ పై షడ్జం వైపు ఎక్కుతుంది. పల్లవి మధ్యస్థాయిలో ఇల్లు కట్టుకుంటే అనుపల్లవి పై స్థాయిలో తిరిగి, దిగి, మళ్లీ పల్లవి ఎత్తుగడకు చేరుతుంది. ఇది చట్టం కాదు, ఎక్కువ కృతుల్లో కనిపించే అలవాటు. తంబురా శ్రుతిలో పై ‘స’ను మనసులో పట్టుకుని ఉంటే, స్వరం దాన్ని తాకి అక్కడ నిలబడ్డప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక ప్రాస. బంటు, తుంట: రెండు చోట్లా రెండో అక్షరం ‘ట’, దాని ముందు సున్న. పద్యాలు చదివినవాళ్లకి ఇది పాత స్నేహితుడే. పల్లవి, అనుపల్లవి మొదళ్లకి ఇలా ప్రాస కలవడం కృతుల్లో మామూలు. అందువల్ల మీకు తెలియని కృతి వింటున్నప్పుడు కూడా, పల్లవి మొదటి మాటకి ప్రాస కలిసే కొత్త మాట వినిపించిందంటే అనుపల్లవి వచ్చిందని దాదాపుగా ఊహించవచ్చు.

చరణంలో ఆ ప్రాస వదిలేసి కొత్తది మొదలవుతుంది. రోమాంచ, రామభక్తుడు, రామనామ: ఇక్కడ రెండో అక్షరం ‘మ’. నాలుగో పంక్తిలో ‘రాజిల్లు’ దగ్గర ప్రాస తప్పింది, కానీ నాలుగు పంక్తులూ ‘ర’తోనే మొదలవడం వల్ల చెవికి ఆ లోటు తెలియదు.

చరణంలో చెప్పిందేమిటి? ఉద్యోగం అడిగాడు, ఎలాంటి ఉద్యోగమో చెప్పాడు, ఇప్పుడు యూనిఫాం వేసుకుని వచ్చేశాడు. ఒళ్లు పులకరించడమే తొడుక్కున్న కవచం, రామభక్తుడన్న పేరే ఛాతీ మీద బిళ్ళ, రామనామమే కత్తి. పాత ఆఫీసుల్లో డవాలీ, ఇత్తడి బిళ్ళ పెట్టుకున్న బంట్రోతుని చూసినవాళ్లకి ఆ ‘ముద్రబిళ్ళ’ కళ్ల ముందు కనిపిస్తుంది. చివరి పంక్తిలో ‘త్యాగరాజునికే’ అని సంతకం. దీన్నే ముద్ర అంటారు, ఎక్కువగా చరణం చివర్లోనే ఉంటుంది. పాట ఎక్కడ అయిపోవస్తోందో తెలుసుకోవడానికి ఇదొక ఆనవాలు.

సంగీతంగా చూస్తే చరణం రెండు సగాలు. మొదటి రెండు పంక్తులు దిగి, నెమ్మదిగా, మధ్యస్థాయిలో నడుస్తాయి. ‘రామనామమను’ దగ్గర నుంచి చెవి రిక్కించండి: ఇది ఎక్కడో విన్న వరస. అవును, అనుపల్లవి వరసే, మాటలు మాత్రం కొత్తవి. త్యాగరాజు కృతుల్లో చాలా చోట్ల ఈ పద్ధతి ఉంది. ‘తుంట వింటి’ని మనసులో పాడుకుంటూ పైన ‘రామనామమను’ వింటే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. కొత్తవాళ్లకి దీనివల్ల పెద్ద లాభం: నేర్చుకోవాల్సింది పల్లవి, అనుపల్లవి, సగం చరణమే.

అయితే పల్లవికి తిరిగి వచ్చే తీరు మాత్రం అనుపల్లవిలో లాంటిది కాదు. అక్కడ వాక్యం వేలాడుతోంది. ఇక్కడ ‘రాజిల్లునయ్య త్యాగరాజునికే’ అని పూర్తయింది, కాబట్టి ముందు ఊపిరి తీసుకున్నా తప్పు లేదు. ఆగకుండా పాడితే ‘త్యాగరాజునికే బంటు రీతి కొలువు ఇయ్యవయ్య’ అని ఇంకో అర్థం కూడా కుదురుతుంది. నాకు రెండోదే ఇష్టం, మొదటిది తప్పని మాత్రం అనను.

కచేరీలో ఇంకో తిరకాసు ఉంటుంది. చరణంలో ఒక పంక్తి పట్టుకుని, అవే మాటల్ని రకరకాల వరసల్లో పాడడం నెరవల్. ఆ పంక్తి ముందు అప్పటికప్పుడు అల్లే స్వరాలు కల్పనస్వరాలు. ఈ సేపంతా గాయకులు తిరిగి వచ్చేది ఆ పంక్తికే, పల్లవికి కాదు. కాబట్టి ‘పల్లవి ఏమైంది’ అని కంగారు పడొద్దు. స్వరాలు అయ్యాక మిగిలిన చరణం పాడి, అప్పుడు పల్లవికి వస్తారు. కొందరు పల్లవి ఎత్తుగడకే స్వరాలు పాడతారు, అప్పుడు పని ఇంకా సులువు.

అన్ని కృతులూ ఈ అచ్చులో ఉండవు. ముత్తుస్వామి దీక్షితుల రచనల్లో అనుపల్లవి లేకుండా పల్లవి, సమష్టి చరణం మాత్రమే ఉన్నవి చాలా ఉన్నాయి. అమృతవర్షిణిలోని ‘ఆనందామృతకర్షిణి’ అలాంటిదే. అక్కడ అనుపల్లవి కోసం ఎదురు చూస్తే దొరకదు. త్యాగరాజు దివ్యనామ కీర్తనల్లో చరణాలు చాలా ఉంటాయి, అన్నీ ఒకే వరసలో. వాటి సంగతి తర్వాతి పాఠాల్లో.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: హిందోళంలో ‘సామజవరగమన’ వినండి. ముందు కాగితం మీద సాహిత్యం రాసుకుని, పల్లవి–అనుపల్లవి ప్రాస ఏ అక్షరమో, చరణంలో అది ఏ అక్షరానికి మారిందో, ఏ పంక్తి దగ్గర ఆగిపోయిందో గుర్తు పెట్టండి. తర్వాత తాళం వేస్తూ వినండి. అనుపల్లవి చివర ‘మాం పాలయ’ అన్న తర్వాత పల్లవి ఎత్తుకునేటప్పుడు వాక్యం వేలాడుతోందా, పూర్తయిందా? కాగితం మీద రాసి ఉంచండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.