జీనర్ డయోడ్లు, 4వ పాఠం: వేడి తగిలితే ఒకటి దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చాలామందిని తికమక పెట్టింది. జీనర్‌లో 5 మిల్లీఆంపియర్లు పారించి, వేడి గాలి తగిలించి, వోల్టేజీ ఎటు కదులుతుందో చూడమన్నాను. 12 వోల్టుల డయోడ్ వాడినవాళ్లు పెరిగిందన్నారు, 3.3 వోల్టులది వాడినవాళ్లు తగ్గిందన్నారు. పెరిగిందన్నవాళ్లలో చాలామంది "డయోడ్ పోయిందేమో" అని కూడా రాశారు. ఏమీ పోలేదు. 12 వోల్టులది పెరగాలి, 3.3 వోల్టులది తగ్గాలి. రెండింటి మీదా జీనర్ అనే పేరే ఉన్నా లోపల జరిగే పని ఒకటి కాదు.

రివర్స్ బయస్, డిప్లీషన్ పొర మొదటి పాఠంలోనివే, మళ్లీ చెప్పను.

3.3 వోల్టుల డయోడ్‌లో రెండు వైపులా డోపింగ్ చాలా ఎక్కువ. అందువల్ల డిప్లీషన్ పొర బాగా పలచగా ఉండి, చిన్న వోల్టేజీకే సెంటీమీటరుకు పది లక్షల వోల్టుల స్థాయి ఫీల్డ్ వస్తుంది. అప్పుడు వాలెన్స్ బ్యాండ్‌లోని ఎలక్ట్రాన్ ఎవరినీ ఢీకొట్టకుండానే బ్యాండ్ గ్యాప్‌ను దాటి అవతలికి టన్నెల్ అవుతుంది. అసలైన జీనర్ బ్రేక్‌డౌన్ ఇదే. గ్యాప్ ఎంత చిన్నదైతే ఈ దాటడం అంత సులువు. సిలికాన్ గ్యాప్ గది ఉష్ణోగ్రత దగ్గర 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక్కో డిగ్రీ వేడికి అది సుమారు 0.27 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు తగ్గుతుంది. గోడ పలచబడింది కాబట్టి అంతే కరెంటుకు తక్కువ వోల్టేజీ చాలు.

ఆ కాస్త తగ్గుదల మీటరు మీద కనబడుతుందా అని అడిగారు. లెక్క వేద్దాం. 50 డిగ్రీలు వేడెక్కితే గ్యాప్ 13.5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 1.2 శాతం తగ్గుతుంది. టన్నెలింగ్‌కు కావలసిన ఫీల్డ్ గ్యాప్‌కు ఒకటిన్నర ఘాతంలో మారుతుంది కాబట్టి అది 1.8 శాతం తగ్గుతుంది. అబ్రప్ట్ జంక్షన్‌లో ఫీల్డ్ వోల్టేజీ వర్గమూలాన్ని బట్టి పోతుంది, కాబట్టి వోల్టేజీలో మార్పు దానికి రెట్టింపు, 3.6 శాతం. 3.3 వోల్టులలో అది దాదాపు 120 మిల్లీవోల్టులు. డేటాషీట్‌లో ఇలాంటి డయోడ్‌కు డిగ్రీకి మైనస్ 2.4 మిల్లీవోల్టులని ఉంటుంది, 50 డిగ్రీలకు అదీ 120. ఇంత చక్కగా కలవడం కొంత అదృష్టమే, ఎందుకంటే జంక్షన్ సొంత వోల్టేజీని నేను లెక్కలోంచి వదిలేశాను. అయినా ఎటు మారుతుందో, ఎంత స్థాయిలో మారుతుందో ఇది సరిగ్గానే చెబుతుంది.

12 వోల్టుల డయోడ్‌లో డోపింగ్ తక్కువ, పొర వెడల్పు. టన్నెల్ అయ్యేంత సన్నటి చోటు అక్కడ లేదు. పొరలోకి వచ్చిన ఎలక్ట్రాన్‌ను ఫీల్డ్ తోస్తుంది, అది వేగం పుంజుకుంటుంది, చాలినంత శక్తి చేరాక ఒక పరమాణువును గుద్ది కొత్త ఎలక్ట్రాన్, హోల్ జంటను పుట్టిస్తుంది. అవీ పరుగెత్తి ఇంకొన్నిటిని పుట్టిస్తాయి. ఇది అవలాంచ్. ఇక్కడ అసలు షరతు ఆ శక్తిని కూడబెట్టుకోగలగడం. వేడి పెరిగితే సిలికాన్ జాలకం ఎక్కువగా కంపిస్తుంది. ఎలక్ట్రాన్ మాటిమాటికీ ఆ కంపనాలకు తగిలి, తగిలినప్పుడల్లా కొంత శక్తి పోగొట్టుకుంటుంది. రద్దీలో పరుగెత్తే మనిషి లాగా, వేగం అందుకునేలోపే ఎవరో ఒకరు అడ్డం వస్తారు. అందుకే అదే గుణకారం రావాలంటే ఇంకా గట్టిగా తోయాలి, అంటే వోల్టేజీ పెంచాలి. గ్యాప్ ఇక్కడా కాస్త తగ్గుతుంది, ఆ మేరకు పని సులువవుతుంది కూడా. కానీ కంపనాల దెబ్బ ముందు అది చాలదు. 12 వోల్టులకు డేటాషీట్ డిగ్రీకి ప్లస్ 8.4 మిల్లీవోల్టుల దగ్గర చెబుతుంది.

ఇక నాకు చిరాకు తెప్పించే మాట ఒకటుంది: "వేడెక్కితే క్యారియర్లు పెరుగుతాయి కదా, బ్రేక్‌డౌన్ త్వరగా రావాలి కదా." మీ జవాబుల్లో చాలాసార్లు కనబడింది. క్యారియర్లు పెరిగే మాట నిజమే. బ్రేక్‌డౌన్‌కు ముందున్న లీకేజీ సుమారు ప్రతి పది డిగ్రీలకు రెట్టింపవుతుంది. లీకేజీ 50 నానోఆంపియర్లు అనుకోండి, 50 డిగ్రీలు పెరిగితే 32 రెట్లయి 1.6 మైక్రోఆంపియర్లు. మనం చదువుతున్నది 5 మిల్లీఆంపియర్ల దగ్గర. దాని పక్కన ఇది లెక్కలోకే రాదు. ఇంకా ముఖ్యమైన సంగతి: అవలాంచ్ ఏ వోల్టేజీకి వస్తుందనేది పొరలోకి ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయన్నదాన్ని బట్టి ఉండదు. వచ్చిన ప్రతిదీ సగటున తన స్థానంలో ఇంకొకదాన్ని నిలబెట్టగలదా అన్నదే ప్రశ్న. నిలబెట్టగలిగితే ఒక్కటి వచ్చినా బ్రేక్‌డౌనే. నిలబెట్టలేకపోతే వెయ్యి వచ్చినా, వెయ్యికి తగిన కొద్దిపాటి కరెంటు పారి ఆగిపోతుంది. వేడి మార్చేది ఈ నిలబెట్టగలిగే శక్తిని, అదీ తగ్గించే వైపు. జీనర్ వైపు కూడా అంతే. టన్నెల్ అయ్యే ఎలక్ట్రాన్లు వాలెన్స్ బ్యాండ్‌లో ముందునుంచీ నిండుగా ఉన్నాయి, వాటికి వేడి నుంచి సరఫరా అక్కర్లేదు. క్యారియర్ల సంఖ్యతో మొదలుపెడితే రెండు డయోడ్లకూ ఒకే జవాబు వస్తుంది, 12 వోల్టుల దానికి అది తప్పవుతుంది.

మీలో కొందరు 20 మిల్లీఆంపియర్లు పెట్టి, "నేనేమీ వేడి చేయలేదు, అయినా రీడింగ్ పాకుతోంది" అన్నారు. 12 వోల్టులు, 20 మిల్లీఆంపియర్లంటే 240 మిల్లీవాట్లు. చిన్న గాజు డయోడ్‌కు థర్మల్ రెసిస్టెన్స్ వాట్‌కు 300 డిగ్రీలని పట్టుకుంటే లోపల 72 డిగ్రీలు పెరుగుతుంది, రీడింగ్ అర వోల్టు పైనే ఎక్కుతుంది. వేడి చేసింది మీరే, హీటర్ డయోడే. అందుకే 5 మిల్లీఆంపియర్లు అన్నాను. 24 వోల్టుల సప్లై నుంచి అయితే 2.4 కిలోఓమ్ రెసిస్టర్:

```
R = (24 V - 12 V) / 5 mA = 2.4 kΩ
```

ఈ రెండింటి మధ్య గీత కత్తితో కోసినట్టు ఉండదు. సిలికాన్‌లో సుమారు 4.5 వోల్టుల కింద టన్నెలింగ్‌ది, 6.7 పైన అవలాంచ్‌ది ఆధిపత్యం, మధ్యలో రెండూ కలిసే నడుస్తాయి. అందుకే 5.6 వోల్టుల దగ్గర రెండు మార్పులూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. స్థిరమైన రిఫరెన్స్ వోల్టేజీ కావాలంటే నేను మొదట చూసేది ఆ చుట్టుపక్కలే. అయితే ఒకే 5.6 డయోడ్‌లో కూడా కరెంటు పెంచితే అవలాంచ్ వాటా పెరిగి, డిగ్రీకి వోల్టేజీ ఎంత మారుతుందో చెప్పే కోఎఫిషియెంట్ ప్లస్ వైపు జరుగుతుంది. అందుకే కరెంటు చెప్పకుండా "సున్నా కోఎఫిషియెంట్" అనడానికి అర్థం లేదు. 1N829 లాంటి రిఫరెన్స్ డయోడ్లలో ఇంకో ఉపాయం ఉంటుంది: ప్లస్ కోఎఫిషియెంట్ ఉన్న జంక్షన్‌కు ఫార్వర్డ్ డయోడ్‌ను సిరీస్‌లో కలుపుతారు. ఫార్వర్డ్ డయోడ్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది కాబట్టి రెండూ రద్దయి, మొత్తం 6.2 వోల్టుల దగ్గర స్థిరంగా నిలుస్తుంది. అదీ 7.5 మిల్లీఆంపియర్ల దగ్గరే.

ఈసారి పని కాస్త కష్టం. 5.1, 5.6, 6.2 వోల్టుల డయోడ్లు తీసుకోండి. ఒక్కొక్కదాన్ని 1, 5, 20 మిల్లీఆంపియర్ల దగ్గర, 25, 75 డిగ్రీల వద్ద కొలవండి. 20 దగ్గర డయోడ్ తనంతట తాను వేడెక్కకుండా కరెంటు ఇచ్చిన వెంటనే చదివి ఆపేయండి. మొత్తం పద్దెనిమిది రీడింగులు. ఒక్కో కరెంటుకు కోఎఫిషియెంట్ లెక్కగట్టి, ఏ డయోడ్ ఏ కరెంటు దగ్గర సున్నా దాటుతుందో గీత గీసి చూపండి. ఏ డయోడూ సున్నా దాటకపోతే అలాగే రాయండి, దాటినట్టు గీత వంచొద్దు.