స్కైలైట్ కింద వేడి, వానకు చుక్కలు: కారణం ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

హైదరాబాద్‌లో రెండు వైపులా పక్కిళ్ళ గోడలు ఆనుకుని ఉండే ఇళ్ళలో నడిమి హాలుకు కిటికీ పెట్టే వీలుండదు. అందుకని స్లాబులో నాలుగడుగుల చదరం వదిలేసి, చుట్టూ ఇటుకతో గట్టు కట్టి, పైన 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు పరిచి, అంచుల్లో సిలికాన్ పూస్తారు. మొదటి వేసవి వచ్చేసరికి హాల్లో కూర్చోలేకపోతారు. మొదటి వానాకాలానికి కింద బకెట్ పెడతారు. ఇలాంటి స్కైలైట్‌నే తీసుకుని ఒక్కో సమస్య చూద్దాం.

సమస్య: మధ్యాహ్నం హాలు వేడెక్కుతోంది, లోపల కర్టెన్ వేసినా తగ్గడం లేదు

హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గోడకున్న కిటికీకి పైన సన్‌షేడ్ ఉంటుంది. స్కైలైట్‌కు ఏ అడ్డూ లేదు. నాలుగడుగుల చదరం అంటే దాదాపు 1.5 చదరపు మీటర్లు. వేసవి మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు సుమారు 950 వాట్ల ఎండ పడుతుంది. సాదా గ్లాసు అందులో 80 శాతం దాకా లోపలికి వదులుతుంది. అంటే 1,140 వాట్లు. హాలు మధ్యలో ఒక రూమ్ హీటర్ వెలిగించి పెట్టినట్టే. ఒక టన్ను ఏసీ బయటికి తోసే వేడి 3,500 వాట్లు కాబట్టి, దాని శక్తిలో మూడో వంతు ఈ గ్లాసుకే పోతుంది.

కర్టెన్ ఎందుకు పనిచేయదంటే, ఎండ అప్పటికే గ్లాసు దాటి లోపలికి వచ్చేసింది. కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. లోపలివైపు సన్‌ఫిల్మ్ అంటించినా వేడి కొంతే తగ్గుతుంది, పైగా అదనపు ప్రమాదం కూడా ఉంది. ఎండను పీల్చే ఫిల్మ్ వల్ల గ్లాసు నడుమ బాగా కాగి, ఫ్రేమ్ కింద దాగిన అంచులు చల్లగా ఉంటాయి. ఆ తేడాకు టఫెన్డ్ కాని గ్లాసు పగలొచ్చు.

ఎండను గ్లాసు పైనే ఆపాలి. గ్లాసుకు అడుగు ఎత్తున ఇనుప గ్రిల్ బిగించి, వేసవి నెలల్లో దాని మీద 50 లేదా 75 శాతం షేడ్ నెట్ కట్టండి. నెట్‌కూ గ్లాసుకూ మధ్య గాలి ఆడాలి. అన్నిటికన్నా తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం ఇందులోనే ఉన్నాయి. వెలుతురు తగ్గిపోతుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. బయట మిట్టమధ్యాహ్నం లక్ష లక్స్ దాకా వెలుతురు ఉంటుంది, హాలుకు 150 ఉంటే చాలు.

గ్రిల్ వల్ల ఇంకో మేలుంది. సంక్రాంతికి గాలిపటాలు ఎగరేసే పిల్లలు పైకి చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తారు. డాబా మీద ఉత్త గ్లాసు ఉండకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

గ్లాసే మార్చేటట్టయితే షాపులో రెండు అంకెలు అడగండి. ఎస్‌హెచ్‌జీసీ అంటే ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పేది. అది 0.3 కన్నా తక్కువ ఉండాలి. వీఎల్‌టీ అంటే వెలుతురులో ఎంత శాతం వస్తుందో చెప్పేది. అది 40 దరిదాపుల్లో ఉంటే మంచిది. ముదురు రంగు గ్లాసు చూడ్డానికి చల్లగా అనిపిస్తుంది కానీ వేడికన్నా వెలుతురునే ఎక్కువ కోసేస్తుంది, తానూ కాలిపోతుంది. కావాల్సింది సోలార్ కంట్రోల్ కోటింగ్ ఉన్న గ్లాసు.

నెత్తిమీద వేసేది లామినేటెడ్ అయి తీరాలి. టఫెన్డ్ గ్లాసులో కంటికి కనబడని నికెల్ సల్ఫైడ్ రేణువు ఉంటే, ఏళ్ళ తర్వాత ఏ దెబ్బా తగలకుండానే పగలొచ్చు. అప్పుడు ముక్కలు గుత్తులుగా కింద పడతాయి. లామినేటెడ్‌లో రెండు గ్లాసుల మధ్య పొర ఉంటుంది కాబట్టి, పగిలినా ముక్కలు దాన్నే అంటుకుని ఉంటాయి.

కొత్తగా కట్టేవాళ్ళు అసలు నాలుగడుగులు వదలొద్దు. 200 చదరపు అడుగుల హాలుకు రెండున్నర అడుగుల చదరం సరిపోతుంది. దానికి 0.28 ఎస్‌హెచ్‌జీసీ గ్లాసు వేస్తే లోపలికి వచ్చే వేడి 155 వాట్లే. అయితే ఇప్పటికే ఉన్న రంధ్రాన్ని సగం రేకుతో, సగం గ్లాసుతో చిన్నది చేయకండి. అతుకు పెరిగితే లీకు పెరుగుతుంది.

మండువా ఇంట్లో నడుమ ఆకాశం కనిపించినా ఇంత ఉక్క ఉండదు, ఎందుకంటే వేడి గాలి అటునుంచే పైకి పోతుంది. గ్లాసు ఆ దారి మూసేస్తుంది. ఏసీ లేని హాలైతే గట్టు పక్కల్లో, వాన కొట్టని వైపు, దోమతెర బిగించిన వెంటిలేటర్ పెట్టించండి.

సమస్య: వానకు కారుతోంది

మళ్ళీ సిలికాన్ పూయించే ముందు నీళ్ళు ఎప్పుడు పడుతున్నాయో గమనించండి. గాలివాన మొదలైన కాసేపటికే చుక్కలు పడి, వాన ఆగగానే అవీ ఆగితే తప్పు గ్లాసు అంచుల్లో ఉంది. వాన బాగా పడ్డాక మొదలై, వెలిసిన తర్వాత కూడా గంటల తరబడి చెమ్మ దిగుతుంటే తప్పు గట్టూ స్లాబూ కలిసేచోట ఉంది. రూఢి చేసుకోవడానికి పొడి రోజున పైపుతో నీళ్ళు పట్టండి. మొదట గట్టు మొదట్లో పావుగంట, తర్వాత గట్టు పక్కలకు, చివర గ్లాసు అంచులకు. ఒకేసారి పైనుంచి కుమ్మరిస్తే ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

గ్లాసు అంచులోనే అని తేలితే, కారణం సాధారణంగా గ్లాసు సమతలంగా ఉండటం. నీళ్ళు నిలుస్తాయి, దుమ్ము చేరుతుంది, అతుకు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. కనీసం ఐదు డిగ్రీల వాలు ఇవ్వాలి. నాలుగడుగుల గ్లాసుకు అది ఒకవైపు గట్టును నాలుగంగుళాల పైచిలుకు లేపినంత. గ్లాసును గట్టు దాటి రెండంగుళాలు బయటికి రానివ్వండి, అప్పుడు నీళ్ళు అతుకులోకి పోకుండా బయట పడతాయి. గ్లాసు కింద ఈపీడీఎం రబ్బరు పట్టీ వేస్తే సిలికాన్‌కు ఆరు మిల్లీమీటర్ల మందం దొరుకుతుంది. ఎండకు గ్లాసూ ఫ్రేమూ వేర్వేరుగా సాగుతాయి కాబట్టి పలచగా పూసింది చిరిగిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సిమెంటుకు సరిగా పట్టదు, లామినేటెడ్ గ్లాసు లోపలి పొరనూ పాడుచేయవచ్చు. న్యూట్రల్ రకం అడగండి. పాతదాన్ని పూర్తిగా గీకి తీయించండి, దాని మీద కొత్తది నిలవదు.

గట్టు మొదట్లో అయితే పని పెద్దది. స్లాబు మీద తర్వాత కట్టిన ఇటుక గట్టు స్లాబుతో ఏకం కాదు. ప్లాస్టరింగ్ చెక్కించి, మూలను సిమెంటుతో వాలుగా పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్‌ను డాబా మీదినుంచి గట్టు పక్కగా పైకి ఎక్కించి గ్లాసు కిందిదాకా తీసుకెళ్ళాలి. గట్టు డాబా మీదికి కనీసం ఆరంగుళాలు లేచి ఉండాలి, తొమ్మిదైతే నిశ్చింత. పని అయ్యాక గట్టు చుట్టూ మట్టికట్ట వేసి 48 గంటలు నీళ్ళు నిలిపి చూడకుండా మేస్త్రీకి డబ్బులు పూర్తిగా ఇవ్వకండి.

సమస్య: లైట్ ట్యూబులో వెలుతురు తక్కువ, లేదా వాన లేకపోయినా చుక్కలు

లైట్ ట్యూబు అంటే డాబా మీద పారదర్శక డోము, కింద మూత ఉండి, పగటి వెలుతురును గదిలోకి దింపే గొట్టం. వరండాకో బాత్‌రూమ్‌కో పదంగుళాల లైట్ ట్యూబు స్కైలైట్ కన్నా నయం. రంధ్రం చిన్నది, వేడి తక్కువ. మంచి ఎండలో రెండు మూడు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులంత వెలుతురు ఇస్తుంది, మబ్బు పడితే మాత్రం బాగా తగ్గుతుంది. ఎండలో కూడా మసకగా ఉంటే, గొట్టం ముడతల రకమై ఉంటుంది లేదా వంపులు ఎక్కువై ఉంటాయి. ప్రతి ముడత దగ్గరా, వంపు దగ్గరా కాంతి మరిన్నిసార్లు గొట్టానికి తగిలి కొంత కొంత పోతుంది. అద్దంలా మెరిసే నున్నటి గొట్టం నిటారుగా వేయించండి.

వాన లేని రోజున చుక్కలు పడితే అది లీకు కాదు. స్నానం ఆవిరి గొట్టంలోకి చేరి, రాత్రి చల్లబడిన డోముకు తగిలి నీరవుతుంది. కింది మూత చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ వేసి ఆవిరి పైకి పోకుండా చేయాలి. విశాఖ లాంటి చోట ఏసీ గదిలో ఇది తిరగబడుతుంది. బయటి తేమగాలి పైనుంచి దూరి చల్లటి మూత మీద నీరవుతుంది, కాబట్టి అక్కడ డోము అంచును మూసి, గొట్టానికి బయట ఇన్సులేషన్ చుట్టాలి.