తాతగారింట్లో కజిన్స్ అంతా కలిసిన ఫొటోకి క్యాప్షన్ ఎలా రాయాలి?

వేసవి సెలవుల్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బావలు, వదినలు, మరదళ్ళు అందరూ తాతగారింటికి చేరతారు. మామిడిచెట్టు కింద మంచాలు వాల్చుకుని కూర్చుంటే ఎవరో ఒకరు ఫొటో తీస్తారు. పెట్టే ముందు క్యాప్షన్ కావాలి. ఎక్కువమంది రాసేది ఇదే: "ఆ రోజులే వేరు... మామిడి చెట్లు, మంచాలు, అర్ధరాత్రి దాకా కథలు... తీపి జ్ఞాపకాలు." ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇదే క్యాప్షన్ పక్కింటివాళ్ళ ఫొటో కింద పెట్టినా సరిగ్గా సరిపోతుంది. మీ ఇంటికి తప్ప ఇంకెవరికీ సరిపోని క్యాప్షన్ ఎలా రాయాలో చూద్దాం. నూజివీడు వైపు మా తాతగారి ఊళ్ళో తీసుకున్న ఫొటోకి మేం రాసుకున్నదే ఉదాహరణగా చెప్తాను.

1. ముందు అందర్నీ అడగండి, కానీ ప్రశ్న చిన్నదిగా ఉండాలి

ఫ్యామిలీ గ్రూపులో "మీకేం గుర్తున్నాయి?" అని అడిగితే హార్ట్ ఎమోజీలు తప్ప ఏమీ రావు. ప్రశ్న ఒక వస్తువు మీదో, ఒక అలవాటు మీదో ఉండాలి. "నులక మంచం మీద ఎవరి పక్కన ఎవరు పడుకునేవాళ్ళు?", "గాలివాన వచ్చిన రాత్రి డాబా మీద నుంచి బొంతలు ఎవరు దించేవాళ్ళు?", "పొద్దున్నే రాలిన కాయలు ఎవరు ముందు ఏరేవాళ్ళు?" ఇలా అడిగితే ఒక్కొక్కరూ పేర్లతో, గొడవలతో సహా చెప్తారు.

మా గ్రూపులో నేను అడిగింది: "నానమ్మ ఏ కథ చెప్తుండగా మనం నిద్రపోయేవాళ్ళం?" ఒక తమ్ముడు పేదరాశి పెద్దమ్మ కథ అన్నాడు. ఇద్దరు చెల్లెళ్ళు ఏడు చేపల కథ అన్నారు. పెద్దక్క అసలు సంగతి చెప్పింది: "చేప గడ్డిమోపు మీద చెప్పేది, గడ్డిమోపు ఆవు మీద చెప్పేది. ఆవు దగ్గరికి వచ్చేసరికి మీలో ఒక్కడు కూడా ఊ కొట్టేవాడు కాదు. నానమ్మ కాసేపు చూసి, దుప్పటి కప్పి వెళ్ళిపోయేది."

ఆ కథ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఆవు తర్వాత పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లవాడు, చివరికి చీమ. చీమ చెప్పే "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" దాకా చిన్నప్పుడు మాలో ఎవరూ మెలకువగా లేం. ఎవరింటి కథ అయినా ఇలాంటి చోటు ఒకటి దొరికేదాకా అడుగుతూనే ఉండండి. గ్రూపులో "అవును, అవును!" అని వరసగా నలుగురు రాశారంటే అది దొరికినట్టే.

2. చెట్టు, మంచం, కథ: మూడింటిలో ఒకదానికే పెద్దపీట వేయండి

మూడూ సమానంగా రాస్తే అది జాబితా అయిపోతుంది. చదివేవాళ్ళకి ఏదీ కళ్ళకు కట్టదు. ఒకటి తీసుకుని దాని గురించి చెప్పండి, మిగతా రెండూ ఆ వాక్యాల్లో చోటుగానో, సమయంగానో వాటంతటవే వస్తాయి. మాకు కథ దొరికింది కాబట్టి చెట్టు, మంచాలు "ఎక్కడ" అనేదానికి జవాబుగా సరిపోయాయి.

మీకు మంచమే ముఖ్యమైతే దాన్ని దగ్గరగా చూడండి. నులక మంచం వదులైతే ఇద్దరు పిల్లలు ఎంత ఎడంగా పడుకున్నా తెల్లారేసరికి మధ్యలో ఒకరి మీద ఒకరు ఉంటారు. అందుకే సాయంత్రం తాతయ్య కాళ్ళవైపు తాడు లాగి బిగించేవారు. పొద్దున్న లేస్తే బుగ్గ మీద నులక అచ్చులు ఉండేవి. నవారు మంచం మీద పడుకున్నవాళ్ళకి ఆ అచ్చులు పడవు. "మంచాల మీద పడుకునేవాళ్ళం" అనే బదులు "బుగ్గల మీద నులక అచ్చులతో లేచేవాళ్ళం" అంటే ఆ మంచం మీద పడుకున్నవాళ్ళు వెంటనే తమ బుగ్గ తడుముకుంటారు.

3. రాసింది నిజమేనా, పెద్దవాళ్ళతో సరిచూసుకోండి

జ్ఞాపకాలు పోస్టుల్లో సులువుగా తప్పుతాయి. మా తమ్ముడు మొదట రాసినదాంట్లో "తాతయ్య బంగినపల్లి చెట్టు కింద పళ్ళు జుర్రుకుంటూ" అని ఉంది. బంగినపల్లిని ఎవరూ జుర్రుకోరు, తొక్క తీసి ముక్కలు కోసుకుని తింటారు. దాని కండ గట్టిగా, పీచు లేకుండా ఉంటుంది. జుర్రుకునేది రసాలని. అరచేతుల మధ్య పండుని మెల్లగా నలిపి, మెత్తబడ్డాక తొడిమ దగ్గర చిన్నగా కొరికి, ముందు వచ్చే సొన పిండేసి, అప్పుడు నోట్లో పెట్టుకుంటారు. సొన పిండకపోతే పెదవి మూల పొక్కుతుంది. పెదనాన్నకి ఫోన్ చేస్తే తేలిపోయింది: వాకిట్లోది చిన్న రసం చెట్టు, నాటింది నానమ్మ. బంగినపల్లి చెట్లు తోటలో ఉండేవి, ఆ తోట ఇప్పుడు మాది కాదు.

అందుకని "మామిడి చెట్టు" అని వదిలేయకుండా మీ చెట్టు పేరు కనుక్కోండి. ఉత్తరాంధ్రలో అయితే సువర్ణరేఖ కావచ్చు, గోదావరి వైపు కొత్తపల్లి కొబ్బరి కావచ్చు. ఏ పేరూ లేని నాటు చెట్టైతే "పుల్లమామిడి" అనే రాయండి. ఆ ఇంటివాళ్ళకి ఆ పులుపే గుర్తు.

ఆకాశం విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. డాబా మీద పడుకుని గొరుకొయ్యలు, అంటే వరసగా ఉండే ఆ మూడు చుక్కలు, చూశామని రాసేస్తుంటారు. గొరుకొయ్యలు చలికాలం రాత్రుల్లో బాగా కనబడతాయి. మే నెలలో అవి పొద్దుగూకాక కాసేపటికే పడమట కుంగిపోతాయి, మనం పక్కలు పరుచుకునే వేళకి ఉండవు. వేసవి రాత్రి ఉత్తరం వైపు తల ఎత్తితే కనిపించేది సప్తర్షి మండలం.

4. మొదటి లైనులోనే విషయం పెట్టండి

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ 2,200 క్యారెక్టర్ల దాకా రాయొచ్చు. కానీ ఫీడ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనబడతాయి, మిగతాది more నొక్కితేనే వస్తుంది. తెలుగులో ఇంకో చిక్కుంది. గుణింతం గుర్తు, పొల్లు, వత్తులోని హల్లు, అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "చెట్టు" మన కంటికి రెండక్షరాలు, ఫోన్ లెక్కలో మాత్రం ఆరు క్యారెక్టర్లు. కాబట్టి "ఎన్నో ఏళ్ళ తర్వాత ఈ వేసవి సెలవుల్లో మేమంతా కలుసుకున్న శుభ సందర్భంగా" అని మొదలుపెడితే చెప్పాల్సింది మొదలయ్యేలోపే కనిపించే చోటు అయిపోతుంది. కలుసుకున్నారన్నది ఫొటోలో కనబడుతూనే ఉంది. ఫొటోలో కనబడనిది రాయండి.

మేం చివరికి పెట్టిన క్యాప్షన్ ఇది:

"నానమ్మ ఏడు చేపల కథ ఎప్పుడూ ఆవు దగ్గరే ఆగేది. అప్పటికి ఊ కొట్టేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు.

ఈ వేసవి మళ్ళీ అదే వాకిట్లో, అదే రసాల చెట్టు కింద మంచాలు వేసుకున్నాం. ఈసారి కథ చీమ దాకా వెళ్ళింది. చెప్పింది పెద్దక్క. ఊ కొట్టింది మా పిల్లలు."

మొదటి వాక్యం ఖాళీలతో కలిపి 44 క్యారెక్టర్లే, ఏ ఫోన్‌లోనైనా కనిపించేస్తుంది. ఆవు దగ్గర ఎందుకు ఆగేదో తెలుసుకోవాలనుకునేవాళ్ళు more నొక్కుతారు. "జ్ఞాపకాలు", "బాల్యం", "మధురం", "అనుబంధం" అనే మాటలు ఒక్కటీ లేవు. అవి తీసేయడానికి తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. తీసేసి ఒకసారి పైకి చదివి వినిపించాక వాడే "ఇదే పెట్టు" అన్నాడు. పైకి చదవడం మానకండి. ఇంట్లో ఎవరూ నోటితో అనని మాట అక్కడే పట్టుబడుతుంది. మీ ఇంట్లో వాకిలిని "ఆకిలి" అంటే ఆకిలి అనే రాయండి, మంచాన్ని "గడంచె" అంటే గడంచె అనే రాయండి.

5. లేనివాళ్ళ గురించి ఎలా రాయాలి

తాతగారింటి ఫొటోలో ఎప్పుడూ ఎవరో ఒకరు తగ్గుతారు. "మిస్ యూ నానమ్మా" అని చివర తగిలించడం కంటే ఆమె ఏం చేసేదో ఒక్క వాక్యంలో చెప్తే చాలు. మా క్యాప్షన్‌లో ఆమె లేదని ఎక్కడా రాయలేదు. "ఆగేది" అనే క్రియలో, కథ చెప్పింది పెద్దక్క అనడంలో అది తెలిసిపోతుంది. ఈ మధ్యే పోయినవాళ్ళైతే మాత్రం, పోస్ట్ చేసే ముందు వాళ్ళ పిల్లలకి చూపించండి. వాళ్ళు వద్దంటే ఆ వాక్యం తీసేయాలి, అది ఎంత బాగా కుదిరినా సరే.

పంపకాల గొడవల వల్లనో, సెలవు దొరక్కో రానివాళ్ళు కూడా ఉంటారు. "అందరం కలిశాం" అనే మాట వాళ్ళని గుచ్చుతుంది. మేం "అందరం" అనలేదు, "మంచాలు వేసుకున్నాం" అన్నాం. రానివాళ్ళు కూడా ఆ కథలో ఉన్నవాళ్ళే కదా, మొదటి వాక్యం వాళ్ళకీ చెందుతుంది. అమెరికాలో ఉన్న బావ దానికిందే కామెంట్ పెట్టాడు, ఆవు దగ్గర నిద్రపోయే గుంపులో తను కూడా ఉండేవాడినని.

6. పోస్ట్ చేసే ముందు

మంచాలు ఎత్తేసి, తాళం వేసి బయల్దేరాక ఆ ఇల్లు మళ్ళీ పండగ దాకా ఖాళీగా ఉంటుంది. అందుకని ఊరి లొకేషన్ ట్యాగ్ పెట్టకండి, ఇంటి నంబరో వీధి బోర్డో ఫొటోలో పడితే కత్తిరించండి. చిన్నపిల్లల ఫొటో బయటికి పెట్టాలంటే వాళ్ళ అమ్మానాన్నల్ని ఒక మాట అడగండి. పెద్దవాళ్ళ పేర్లు క్యాప్షన్‌లో వరసగా రాయకుండా ట్యాగ్ చేస్తే సరిపోతుంది, క్యాప్షన్ శుభలేఖలా తయారవదు.

ఫ్యామిలీ గ్రూపులో మాత్రం ఇంకో పని చేయండి. అదే ఫొటో కింద ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేరు, వరస, సంవత్సరంతో సహా రాసి పెట్టండి: "పెద్దక్క, ఆమె ఒళ్ళో చిన్నత్త మనవరాలు, వెనక నిలబడ్డది బాబాయి రెండోవాడు" అని. మా ఇంట్లో గోడకున్న పాత నలుపు తెలుపు ఫొటోలో చివరి వరస ఎవరో చెప్పగలిగేది ఇప్పుడు పెదనాన్న ఒక్కరే. ఈసారి ఆయన చెప్తుంటే చెల్లెలు పెన్సిల్‌తో దాని వెనక రాసింది.