ఎండుటాకుల కుప్ప ఎరువుగా మారాలంటే ఏం చేయాలి?

పెరట్లో ఊడ్చిన మామిడి, బాదం ఆకులను ఓ మూల పోసి వదిలేస్తే ఏడాది గడిచినా చాలావరకు అలాగే ఉంటాయి. చెట్టు ఆకును రాల్చే ముందే అందులోని నత్రజనిలో పెద్ద వాటాను వెనక్కి లాగేసుకుంటుంది. మిగిలేది ఎక్కువగా కర్బనమే. ఆకును కుళ్ళబెట్టే బాక్టీరియా, శిలీంధ్రాలు ఒళ్ళు పెంచుకోవాలంటే నత్రజని కూడా కావాలి. దాన్ని మనం అందించాలి.

1. మందంగా, మైనంలా నున్నగా ఉండే ఆకులను కాళ్ళతో తొక్కి నలగ్గొట్టండి. పగిలిన అంచుల నుంచే సూక్ష్మజీవులు లోపలికి దూరతాయి.

2. మూడు బుట్టల ఎండుటాకులకు ఒక బుట్ట పచ్చిగడ్డి లేదా కూరగాయల తొక్కలు, కాస్త పచ్చిపేడ చొప్పున పొరలుగా వేస్తూ నీళ్ళు చల్లండి. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున ఉండాలి. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టే, ఇంకొన్ని ఎండుటాకులు కలపండి.

3. నాలుగైదు రోజులకు ఒక ఇనుప చువ్వను కుప్ప మధ్య దాకా గుచ్చి, పది నిమిషాలాగి తీసి జాగ్రత్తగా తాకండి. చురుక్కుమంటే పని జరుగుతున్నట్టే. చక్కెరలు, పిండిపదార్థం తినే బాక్టీరియా వదిలే వేడి అది. లోపల 55 నుంచి 65 డిగ్రీలు ఉంటే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. చువ్వ చల్లగానే ఉంటే తడి గానీ, పచ్చిసరుకు గానీ చాలలేదన్నమాట. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదు, వెంటనే తిరగెయ్యండి. ముక్కుకు ఘాటుగా అమ్మోనియా వాసన తగిలితే నత్రజని గాలిలో కలిసిపోతోంది. ఎండుటాకులు కలిపితే అది ఆగుతుంది.

4. వేడి తగ్గినప్పుడల్లా బయటి భాగం లోపలికి పోయేలా తిరగెయ్యండి. తిరగేసినా వేడెక్కకపోతే ఇక కదపకండి. చాలామంది ఇక్కడే తొందరపడి ఎరువు ఎత్తేస్తారు. నిజానికి ఆకు ఈనెల్లోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విరగ్గొట్టే శిలీంధ్రాల పని చాలావరకు కుప్ప చల్లబడ్డాకే సాగుతుంది. లోపల బూడిద చల్లినట్టు తెల్లటి పొడి కనిపిస్తే భయపడొద్దు, అవి ఆక్టినోమైసిటీస్ అనే బాక్టీరియా. తొలకరికి నేల నుంచి వచ్చే మట్టివాసన వీటిదే.

ఈ దశలో సూక్ష్మజీవుల ఒంట్లో చిక్కుకున్న నత్రజని అవి చచ్చినప్పుడు, లేదా వాటిని ప్రోటోజోవాలనే ఏకకణ జీవులు, నులిపురుగులు తిన్నప్పుడు అమ్మోనియంగా బయటపడుతుంది. దాన్ని వేరే బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. మొక్క వేళ్ళు ఎక్కువగా పీల్చుకునేది ఈ నైట్రేట్‌నే. సగం మాగిన ఎరువు వేస్తే కథ తిరగబడుతుంది: మిగిలిన కర్బనాన్ని తినడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, మొక్క పసుపురంగుకు తిరుగుతుంది.

అందుకే వాడే ముందు కాస్త ఎరువును తడిపి, కవర్లో మూతి కట్టి మూడు రోజులు ఉంచండి. విప్పినప్పుడు మట్టివాసన వస్తే మొక్కలకు వేసుకోవచ్చు. పులిసిన కంపు కొడితే ఇంకో నెల మాగనివ్వండి.